వీడియో రెజ్యూమే అప్పజెప్పినట్టు ఎందుకుంటుంది?

మా మేనల్లుడు పంపిన వీడియో పద్నాలుగో సెకను దాకా బాగానే నడిచింది. అక్కడ "నా బలాలు" అన్నాడు. కళ్లు పైకెళ్లి, ఎడమ పక్క గోడ మీద ఏదో వెతుక్కుని, మళ్లీ కిందికి దిగాయి. ఆ వెంటనే "కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, పదిమందితో కలిసి పనిచేసే నైపుణ్యం" అని మూడూ ఒకే ఊపులో, ఒకే రాగంలో వచ్చేశాయి. కింద మెసేజ్: "ఎలా ఉంది మామయ్యా? ఇది పదహారో టేకు."

పదహారో టేకు అని వాడు చెప్పక్కర్లేదు, వింటేనే తెలిసిపోతోంది. నేను ఉద్యోగాల భర్తీ పనిలో ఉన్నవాణ్ణి, ఇలాంటి వీడియోలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం ఈ పద్నాలుగో సెకను లాంటి చోటే చేజారతాయి. మాట్లాడుతున్న మనిషి అక్కడ తప్పుకుంటాడు, అప్పజెప్పే పిల్లాడు వచ్చి కూర్చుంటాడు.

వాడు దరఖాస్తు చేసింది ఒక విత్తనాల కంపెనీలో డీలర్ సపోర్ట్ ఉద్యోగానికి. జిల్లాల్లోని డీలర్లతో రోజంతా ఫోన్‌లో తెలుగులో మాట్లాడాలి. అందుకే తొంభై సెకన్లు దాటకుండా తెలుగులోనే వీడియో పంపమన్నారు. వాడేమో ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఇంగ్లీషు నమూనాని తెలుగు చేసుకుని, కాగితం మీద రాసుకుని, రెండు రోజులు బట్టీ పట్టాడు. ఆ కాగితంలో ఉన్నది ఇదీ:

"నమస్కారం. నా పేరు ఫలానా. మాది పల్నాడు జిల్లా సత్తెనపల్లి. నేను బీకాం ప్రథమ శ్రేణిలో పూర్తి చేశాను. నా బలాలు కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, పదిమందితో కలిసి పనిచేసే నైపుణ్యం. నా బలహీనత ఎవరైనా సాయం అడిగితే కాదనలేకపోవడం. నాకు అవకాశం కల్పిస్తే మీ సంస్థ అభివృద్ధికి నా వంతు కృషి చేస్తానని తెలియజేసుకుంటున్నాను."

తప్పులేమీ లేవు. కానీ "తెలియజేసుకుంటున్నాను" అనే మాట వాడు పుట్టి బుద్ధెరిగాక ఏ మనిషితోనూ అని ఉండడు.

బట్టీ పట్టిన సంగతి గొంతులో ఎలా తెలిసిపోతుందో ముందు చూద్దాం. పదమూడో ఎక్కం వచ్చినవాణ్ణి "పదమూడు ఏడులెంత?" అని అడగండి. చాలామంది లోలోపల పదమూడు ఒకట్ల దగ్గర మొదలుపెట్టి ఏడు దాకా నడిచొస్తారు. ఎక్కం గొలుసులా గుర్తుంటుంది, ఒక కడియం పట్టుకుంటేనే పక్క కడియం చేతికొస్తుంది. బట్టీ పట్టిన పరిచయమూ ఇంతే. మధ్యలో ఒక మాట జారితే ఆ వాక్యం మొదటికి పోవాల్సిందే. మా వాడి కళ్లు గోడమీద వెతికింది ఆ జారిపోయిన కడియాన్నే. "నా బలాలు" తర్వాత వచ్చే మాట ఏమిటి? దాని అర్థంతో వాడికి ఆ క్షణంలో పనిలేదు, కాగితంలో దాని తర్వాత ఏముందన్నదే కావాలి.

మామూలుగా మాట్లాడేటప్పుడు జరిగేది వేరు. చెప్పాల్సిన సంగతి బుర్రలో ఉంటుంది, మాటలు అప్పటికప్పుడు దొరుకుతాయి. దొరికేందుకు పట్టే సమయమే మౌనంగా బయటికొస్తుంది. లండన్‌లో ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో, 60ల్లో ఈ మౌనాల్నే కొలుస్తూ కూర్చున్నారు. మనుషులకు కార్టూన్లు చూపించి వాటి గురించి చెప్పమనేవారు, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పించేవారు. తిరిగి చెప్పేకొద్దీ మధ్యలో ఆగడాలు తగ్గుతూ పోయాయి. అంటే ఆగడం అనేది ఆలోచన జరుగుతోందనడానికి గుర్తు, అది పోతే మాట అలవాటైపోయిందని అర్థం.

వినేవాడికి ఈ సంగతేదీ తెలియకపోయినా చెవికి మాత్రం తెలుస్తుంది. అప్పజెప్పేవాడు వాక్యం చివర, ఊపిరి కోసం, ప్రతిసారీ ఒకే కొలతలో ఆగుతాడు. నిజంగా మాట్లాడేవాడు ఎక్కడపడితే అక్కడ ఆగుతాడు. అందులోనూ ముఖ్యమైన మాటకు ముందు ఎక్కువగా ఆగుతాడు, ఎందుకంటే వెతుక్కోవాల్సింది దాన్నే. "అప్పుడు చూస్తే అదే లాట్..." అని ఆగి "ఇంకా పన్నెండు మందికి వెళ్లింది" అన్నామనుకోండి, ఆ చిన్న ఖాళీలో వినేవాడి చెవి ముందుకొస్తుంది. పదహారు టేకులు తీసినవాడు ఆ ఖాళీలన్నిటినీ తుడిచిపెట్టేసి, దానికి తడబాటు లేకుండా చెప్పడం అని పేరు పెట్టుకుంటాడు. ఇంకాస్త సాధన చేస్తే సహజంగా వస్తుందని చాలామంది నమ్మకం. కాగితం పట్టుకుని చేసే సాధన అయితే సరిగ్గా ఉల్టా జరుగుతుంది.

అందుకని వాణ్ణి కాగితం చింపేయమన్నాను. చింపలేదులెండి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే, మీ బాబాయి కొట్లో కూర్చునేవాడివి కదా, అక్కడ ఏం చేసేవాడివి?" అన్నాను. "ఏముంది మామయ్యా, బిల్లులు రాసేవాణ్ణి." ఇంకో పది నిమిషాలు లాగితే అసలు సంగతి బయటపడింది. పోయినేడు ఆగస్టులో ఒక రైతు మిరప గింజలు మొలవలేదని కొట్టు మీదికొచ్చాడు. బిల్లు లేదు. విత్తనాల ప్యాకెట్టు మీద లాట్ నంబరుంటుంది, ఆ నంబరు బిల్లులోనూ రాయాలి. మొలక రాకపోతే ఫిర్యాదుకి ఆ రెండే ఆధారం. బిల్లు పారేసుకున్న రైతుకి మామూలుగా దారి మూసుకుపోయినట్టే. కానీ మా వాడు జూన్ నుంచే, ఎవరూ చెప్పకుండానే, ఏ లాట్ ఎవరికిచ్చారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. ఎందుకు రాస్తున్నావురా అని బాబాయి రెండుసార్లు విసుక్కున్నాడట కూడా.

"మరి ఇది వీడియోలో ఎందుకు లేదురా?"

"ఇది కొట్టు సంగతి కదా, వాళ్లడిగింది నా గురించి."

పరిచయం అనగానే మనవాళ్లకి పేరు, ఊరు, చదువు, నాన్నగారి ఉద్యోగం, బలాలు, బలహీనతలు, హాబీలు అనే వరస తోస్తుంది. అది ఫారం నింపడం. అందులో సగం రెజ్యూమే కాగితంలో ఉంటుంది, మిగతా సగం ఎవరైనా చెప్పగలరు. "కష్టపడే తత్వం" అన్నప్పుడు వాడి బుర్రలో ఏ దృశ్యమూ లేదు, అందుకే గొంతులో ఏ మార్పూ లేదు. "బిల్లు పారేశానన్నాడండీ" అన్నప్పుడు మాత్రం ఆ రైతు మొహం కనిపిస్తోంది. చెయ్యి దానంతటదే లేస్తుంది, గొంతు కాస్త దిగుతుంది. హావభావాలు నేర్పే వీడియోలు చాలానే ఉన్నాయి గానీ, కళ్లముందు మనిషి కనిపించేవాడికి అవి అక్కర్లేదు. హరికథ చెప్పే దాసుగారికి కథలో మజిలీలు తెలుసు, పద్యాలు నోటికొచ్చు. నడుమ వచనం మాత్రం ఆ రాత్రి ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి పుడుతుంది. మనకు కావాల్సింది ఆ పద్ధతే.

పర్సనల్‌గా ఉండాలంటే ఇంటి సంగతులు చెప్పాలని కొందరనుకుంటారు. నాన్న అప్పులు, అమ్మ ఆరోగ్యం, పుట్టిన తేదీ, పెళ్లయిందో లేదో, ఇవేవీ అక్కర్లేదు. మనం సొంతంగా తీసుకున్న ఒక చిన్న నిర్ణయం చాలు. ఆ నోట్‌బుక్ లాంటిది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను: గింజ మొలవని ఆ కంపెనీ పేరు వీడియోలో ఎత్తొద్దని. ఒక చోట ఉద్యోగం అడుగుతూ ఇంకొకరి మీద ఫిర్యాదు వినిపించడం బాగుండదు.

ఇక సాధన ఎలా చేశాడంటే, ముగ్గురికి చెప్పాడు. మొదట మా అమ్మకి. ఆవిడకి లాట్ నంబరంటే తెలియదు. "ఒకే దఫాలో సిద్ధం చేసిన గింజలన్నిటికీ ఒకటే నంబరమ్మమ్మా" అని చెప్పాల్సొచ్చింది. "మరి మిగతావాళ్లకి మొలిచాయో లేదో నీకెట్లా తెలిసింది?" అని ఆవిడ అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది వాడికి, తను ఆ సాయంత్రం అందరికీ ఫోన్ చేశానని. అంతకుముందు నాకు చెప్పినప్పుడు ఆ ముక్క లేనేలేదు! మొత్తం కథలో అంతకన్నా పనికొచ్చే ముక్క మరోటి లేదు, ఎందుకంటే వాడు అడుగుతున్నది ఫోన్ చేసే ఉద్యోగమే.

రెండోసారి స్నేహితుడికి చెప్పాడు. స్నేహితుడు వ్యవసాయ కుటుంబం వాడు, లాట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, అందుకని ఆ ముక్క ఎగిరిపోయింది, కథ బిగిసింది. మూడోసారి నాకు, ఫోన్‌లో, గడియారం పెట్టి. ఇక్కడ ముగ్గురూ వేర్వేరు మనుషులు కావడమే కీలకం. ఒకరికే మూడుసార్లు చెబితే మూడోసారికి అప్పజెప్పడమే అవుతుంది. మనిషి మారితే మాటలు మారక తప్పదు, మజిలీల వరస మాత్రం నిలుస్తుంది. వాడికి నాలుగు మజిలీలు మిగిలాయి: రైతు రావడం, నోట్‌బుక్, ఫోన్లు, ఫిర్యాదు కాగితం. కాగితం మీద రాసుకోనిచ్చింది ఈ నాలుగు మాటలే.

రెండు వాక్యాలు మాత్రం బట్టీ పట్టమన్నాను, మొదటిదీ చివరిదీ. మొదటి ఐదారు సెకన్లలో టెన్షన్ ఎక్కువ, మాట దొరక్క తడబడితే ఆ తడబాటు చివరిదాకా వెంటాడుతుంది. పేరూ ఊరూ ఎలాగూ నోటికొచ్చినవే కాబట్టి అక్కడ అప్పజెప్పినా ఎవరికీ తెలియదు. చివరి వాక్యం సిద్ధంగా లేకపోతే వీడియో "అంతే... థాంక్యూ" అని నీరుగారి, రికార్డింగ్ ఆపడానికి చెయ్యి ముందుకొస్తూ ముగుస్తుంది. ఆ చెయ్యి నేను ఎన్ని వీడియోల్లో చూశానో!

ఇక భాష సంగతి. ఇక్కడ తెలుగులో ఒక చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. చేశానా, చేయలేదా, చేయగలనా, అంతా ఆఖరి మాటలోనే తేలుతుంది. టెన్షన్‌లో ఉన్నవాడు ఊపిరి చాలక మింగేసేదీ సరిగ్గా ఆ ఆఖరి మాటనే. "అందరికీ ఫోన్ చేశా..." అని గొంతు దిగిపోతే వినేవాడికి పని జరిగిందన్న నమ్మకం కలగదు. ధైర్యంగా వినిపించాలంటే గట్టిగా మాట్లాడాలని కొందరు మొదటి మాట దగ్గర అరుస్తారు. దానికన్నా క్రియని నిండుగా పలకడం మేలు. "చేశాను" అని పూర్తిగా అని, అక్కడ నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుని, తర్వాతి వాక్యానికి వెళ్లడం. మా వాడి వీడియోలో ఈ ఒక్క మార్పు తెచ్చిన తేడా మరేదీ తేలేదు.

క్రియ నిండుగా రావాలంటే వాక్యం చిన్నదై ఉండాలి. కాగితం మీద రాసుకుని ఉంటే నోట్‌బుక్ సంగతి వాడు ఇలా రాసేవాడు: "ఏ లాట్‌కు చెందిన విత్తనాలను ఏ రైతుకు విక్రయించామో వారి ఫోన్ నంబర్లతో సహా జూన్ నెల నుంచి నేను ఒక పుస్తకంలో నమోదు చేసేవాడిని." పత్రికలో అయితే చల్తా. నోటితో చెప్పాలంటే క్రియ వచ్చేదాకా ఇదంతా మోసుకుంటూ వెళ్లాలి, బట్టీ పట్టకుండా కుదరదు. అమ్మమ్మకి చెప్పినప్పుడు అదే సంగతి ఎలా వచ్చిందంటే: "జూన్ నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టాను, ఏ లాట్ ఎవరికిచ్చామో, వాళ్ల ఫోన్ నంబరుతో సహా." క్రియ ముందే వచ్చేసింది, మిగతా వివరం దాని వెనక తోకలా వేలాడింది. రాతలో ఇలా అరుదుగా రాస్తాం, మాటలో రోజూ ఇలాగే అంటాం. ఈ తోకలున్న వాక్యం వినగానే ఇది కాగితం మీదినుంచి రాలేదని తెలిసిపోతుంది.

నొక్కి చెప్పడంలోనూ అంతే. మనం ఒక మాటని ఎత్తి చూపాలంటే దానికి ఏ-కారం తగిలిస్తాం: "ఆ సాయంత్రమే", "నేనే", "అదే లాట్". కాగితం నుంచి వచ్చిన వాక్యాల్లో ఇవి ఉండవు, అందుకే అన్ని మాటలూ ఒకే ఎత్తులో సాగుతాయి. "కదండీ", "మరి", "అయితే" లాంటివీ అంతే, అవి ఎదుటి మనిషి ఉన్నాడని ఒప్పుకునే మాటలు. అలాగని వాటిని కావాలని చల్లకూడదు. ప్రతి వాక్యం చివరా "అన్నమాట" తగిలించే అలవాటున్నవాళ్లకి అది ఊతపదం, వీడియోలో నిమిషానికి పదిసార్లు వస్తే వినేవాడికి చిరాకు. ఇంకొందరు సహజంగా ఉండాలని యూట్యూబ్ ఛానల్ వాళ్ల గొంతు అరువు తెచ్చుకుంటారు, "హలో హలో" అంటూ. అదీ బట్టీయే, వేరే పుస్తకం నుంచి.

రికార్డింగ్ దగ్గర వాడు చేసిన మొదటి తప్పు, స్క్రీన్‌లో తన మొహం తనే చూసుకుంటూ మాట్లాడటం. ఫోన్‌ని అడ్డంగా పెట్టినప్పుడు ముందు కెమెరా ఒక పక్కకి పోతుంది. స్క్రీన్ మధ్యలో చూస్తే, చూసేవాళ్లకి మనం వాళ్ల చెవి వైపు చూస్తున్నట్టుంటుంది. పైగా సొంత మొహం కనిపిస్తున్నంతసేపూ జుట్టు, కాలరు, కనుబొమ్మలు అని బుర్ర అటే పోతుంది. కెమెరా కన్ను మాత్రం వదిలేసి మిగతా స్క్రీన్ మీద ఒక కాగితం అంటించమన్నాను. ఫోన్‌ని పుస్తకాల దొంతర మీద కళ్లెత్తులో, ఒక మీటరు దూరంలో పెట్టి, దాని వెనకాలే మా అమ్మని కూర్చోబెట్టాం. "కెమెరాకి చెప్పకు, దాని వెనకున్న అమ్మమ్మకి చెప్పు, చూపు మాత్రం ఆ నల్లచుక్క మీద ఉంచు." ఆవిడ తలూపుతుంటే వాడి గొంతు మామూలు స్థితికొచ్చింది. ఇంట్లో ఎవరూ లేకపోతే కెమెరా పక్కన ఒక ఫొటో అంటించినా కొంత పనిచేస్తుంది, తలూపే మనిషి ఉన్నంత కాదు.

కెమెరా పక్కన స్క్రిప్టు అంటించుకునేవాళ్లూ ఉన్నారు. వాక్యాలు చదువుతుంటే కళ్లు ఎడమ నుంచి కుడికి చిన్న చిన్న గెంతులు వేస్తాయి, వరస మారినప్పుడల్లా వెనక్కి ఒక పెద్ద గెంతు. మీటరు దూరం నుంచి అది స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు మజిలీల నాలుగు మాటలైతే చదవాల్సిన పనిలేదు, ఒక్క చూపు చాలు.

మొదటి టేకు రెండు నిమిషాలు దాటింది. రెండోది తొంభై అయిదు సెకన్లు, కానీ ఫోన్లు చేసిన సంగతి మర్చిపోయాడు. మూడోది డెబ్బై ఎనిమిది సెకన్లు. అందులో ఒకచోట అంకె తప్పు చెప్పి దిద్దుకున్నాడు. అది నచ్చక ఇంకో నాలుగు తీశాడు. ఏడోదానికి మళ్లీ పాత రాగం మొదలైంది, "బిల్లు పారేశానన్నాడు" దగ్గర మొహంలో ఏమీ లేదు. నా అనుభవంలో చాలామందికి రెండు నుంచి నాలుగు టేకుల మధ్య మంచిది పడుతుంది. అది దాటితే ఆ పూటకి ఆపేసి మర్నాడు తీయడం మంచిది. వాడు పంపింది మూడోదే. అందులో మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"నమస్కారం అండీ. నా పేరు ఫలానా, మాది సత్తెనపల్లి. మా బాబాయికి విత్తనాల కొట్టుంది, డిగ్రీ చదువుతూ రెండు సీజన్లు అక్కడే కూర్చున్నాను. పోయినేడు ఆగస్టులో ఒక రైతు వచ్చి మిరప గింజ మొలవలేదన్నాడు. బిల్లు ఏదండీ అంటే... పారేశానన్నాడు. మామూలుగా అయితే అక్కడితో అయిపోయేదే. కానీ నేను జూన్ నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టాను, ఏ లాట్ ఎవరికిచ్చామో, వాళ్ల ఫోన్ నంబరుతో సహా. చూస్తే అదే లాట్ ఇంకా పదకొండు... కాదు, పన్నెండు మందికి వెళ్లింది. ఆ సాయంత్రమే అందరికీ ఫోన్ చేశాను. వాళ్లలో నలుగురికి మొలక సరిగా రాలేదు. మేం కంపెనీకి ఫిర్యాదు పెట్టినప్పుడు ఆ ఐదుగురి వివరాలూ కాగితంలో ఉన్నాయి, బిల్లు లేనాయనతో సహా. మీ దగ్గర ఈ ఉద్యోగంలో డీలర్లు ఫోన్ చేస్తారు కదండీ. ఆ ఫోన్‌కి అవతల కొట్లో ఏం జరుగుతుంటుందో నాకు తెలుసు. నా నంబరు రెజ్యూమేలో ఉంది, మాట్లాడదాం అండీ."

"పదకొండు... కాదు, పన్నెండు" అన్నదాన్ని తీసేయాలా అని చాలాసేపు గొడవపడ్డాడు. ఉంచమన్నాను. అంకె తప్పితే వెంటనే దిద్దుకునే మనిషి అని దానివల్ల తెలుస్తుంది. అదే తడబాటు పేరు దగ్గరో, డిగ్రీ దగ్గరో వచ్చి ఉంటే ఇంకో టేకు తీయమనేవాణ్ణి. ఎక్కడ తడబడ్డామన్నది ముఖ్యం.

వీడియో చూసుకున్నాక వాడన్న మొదటి మాట, "నా గొంతు ఇంత పల్చగా ఉంటుందా మామయ్యా?" అందరూ అనే మాటే ఇది. మన గొంతు మనకి గాలిలోంచీ, పుర్రె ఎముకల్లోంచీ కూడా వినిపిస్తుంది, ఎముకల దారిలో వచ్చే శబ్దంలో మంద్రం ఎక్కువ. రికార్డింగులో ఆ దారి ఉండదు. పక్కవాళ్లు ఎప్పుడూ వినేది ఆ పల్చటి గొంతునే, వాళ్లకి అందులో వింతేమీ లేదు. ఇది తెలియనివాళ్లు తర్వాతి టేకులో గొంతు బరువు చేసి మాట్లాడతారు, చెడేది అక్కడే.

వాడి రెండో బాధ, భయం కనిపిస్తోందని. కనిపించలేదు నాకు. అమెరికాలో కెనెత్ సవిట్స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఉపన్యాసాలిచ్చే విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే. మాట్లాడేవాళ్లు తమ భయం ఎంత కనిపిస్తోందని అనుకుంటారో, చూసేవాళ్లకి అంత కనిపించదు. ఆ సంగతి ముందుగా చెప్పినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా మాట్లాడారు. అందుకని మా వాడికి కూడా మూడో టేకుకి ముందే చెప్పి ఉంచాను.

ఇంగ్లీషులో వీడియో పంపాల్సినవాళ్ల పరిస్థితి కొంచెం వేరు, చాలా కంపెనీలు అడిగేది అదే కూడా. అక్కడ బట్టీ పట్టడానికి అసలు కారణం మతిమరుపు భయం కాదు, వ్యాకరణం తప్పిపోతుందన్న భయం. దాంతో "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలెట్టి, ఎప్పుడూ వాడని పెద్ద మాటలు నాలుగు పేర్చి, "దట్సాల్ అబౌట్ మీ" అని ముగిస్తారు. ఆ మొదటి మాటే తప్పు, "ఐ యామ్" అంటే సరిపోతుంది. అరువు మాట వచ్చే చోట గొంతు సన్నబడుతుంది, వినేవాడు ఆ చోటు కనిపెడతాడు. నేను చెప్పే పద్ధతి ఇది: కథని ముందు తెలుగులో ఒకరికి చెప్పండి, వెంటనే, మధ్యలో ఏమీ రాసుకోకుండా, అదే కథని ఇంగ్లీషులో చెప్పండి. వచ్చిన వాక్యాలు చిన్నవిగా, మామూలు మాటలతో ఉంటాయి. వాటిలో వ్యాకరణం తప్పులు రెండో మూడో ఉంటే ఎవరిచేతనైనా దిద్దించుకోండి, కొత్త మాటలు మాత్రం చేర్చనివ్వకండి. భాష బొత్తిగా రానివాళ్లకి ఈ పద్ధతి చాలదు, అది ఒప్పుకోవాలి. చిన్న వాక్యాలైనా సొంతంగా కట్టగలిగినవాళ్లకే పనికొస్తుంది.

పంపేముందు ఒక పరీక్ష. మీ కథ చెబుతున్నప్పుడు మధ్యలో ఎవరినైనా అడ్డుపడమనండి, ఏదో ఒక ప్రశ్నతో. "ఆగాగు, ఆ నోట్‌బుక్ ఇప్పుడెక్కడుంది?" జవాబు చెప్పి, ఆపిన చోటి నుంచే సాగగలిగితే మీకు కథ వచ్చినట్టు. వాక్యం మొదటికి వెళ్లాల్సొస్తే వచ్చింది ఎక్కమే. ఇంకో చిన్న పరీక్ష, వీడియోని తెర చూడకుండా వినడం. మాటలు పట్టించుకోకుండా రాగం ఒక్కటే వినండి. ప్రతి వాక్యమూ ఒకే మెట్టు మీద మొదలై ఒకే మెట్టు మీద దిగుతుంటే మర్నాడు, వేరే మనిషికి చెబుతూ, మళ్లీ తీయాల్సిందే.

వారం తర్వాత వాడికి ఆ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. పరిచయం చేసుకోమని అడగలేదట. అవతలాయన నేరుగా, "ఆ నలుగురిలో నీళ్లెక్కువై కుళ్లినవి ఎన్ని, గింజ లోపం ఎన్ని?" అన్నాడట. వీడియోలో ఆ ముక్క లేదు. "ఒకాయనది నీళ్లేనండీ, ఆయనే ఒప్పుకున్నాడు. మిగతా ముగ్గురి నారుమళ్లు నేను వెళ్లి చూశాను" అన్నాడు మా వాడు. అవతలాయన, "బండి మీదా, బస్సులోనా?" అని అడిగాడట.